ఇండెక్స్ కంటె ఫండ్ మేనేజర్ ఎందుకు ఎన్కవడ్తున్నడు?

మొన్న మా ఊరి తమ్ముడు ఒకడు వాట్సాప్‌ల ఒక పోస్టర్ పంపిండు. ఒక లార్జ్ క్యాప్ ఫండ్ పదేండ్ల సంది ఏడాదికి 13 శాతం లెక్కన పెరిగిందట, నిఫ్టీ 12.2 శాతమే పెరిగిందట. "అన్నా, నెలకు రెండు వేలు కట్టుమంటున్నరు, కట్టొచ్చా?" అని అడిగిండు.

ముందుగాల ఆ పోస్టర్ల లేనిది జూడాలె. కంపెనీలు షేరు ఉన్నోళ్లకు డివిడెండు ఇస్తయి. ఫండుకు వచ్చిన డివిడెండు దాని విలువల కలుస్తది. కానీ టీవీల కనబడే నిఫ్టీ అంకెల ఆ డివిడెండు ఉండది. అది కూడ కలిపిన నిఫ్టీ వేరే ఉంటది, దాన్ని టోటల్ రిటర్న్ ఇండెక్స్, టీఆర్ఐ అంటరు. నిఫ్టీ కంపెనీల డివిడెండు ఏడాదికి దాదాపు 1.2 శాతం అనుకుంటే, 12.2 కాస్త 13.4 అయితది. అంటే గెలిచిందన్న ఫండు నిజానికి ఓడింది. అందుకే 2018 ఫిబ్రవరి సంది ఫండ్లు టీఆర్ఐతోనే పోల్చుకోవాలని సెబీ రూల్ పెట్టింది. వాట్సాప్ పోస్టర్లకు మాత్రం ఆ రూల్ ఇంకా అందనట్టే ఉన్నది.

మరి పెద్ద సదువులు సదివిన మేనేజర్ ఎందుకు ఎన్కవడ్తడు? తెలివి లేక కాదు, లెక్క అట్లున్నది. దీన్ని నోబెల్ బహుమతి అందుకున్న విలియం షార్ప్ 1991ల సాఫ్‌గ చెప్పిండు. మార్కెట్ల ఉన్న షేర్లన్ని కలిపి ఈ ఏడు 12 శాతం పెరిగినయనుకో. ఇండెక్స్ పట్టుకొని కూసున్నోళ్లకు 12 వస్తది. మిగిలిన షేర్లన్ని ఏరి కొనెటోళ్ల చేతుల్లనే ఉంటయి కదా, వాళ్లందరిది కలిపితే కూడ 12 శాతమే. ఒకడు 15 తెచ్చిండంటే ఇంకొకడు తక్కువ తెచ్చినట్టే. ఇగ దాంట్లకెళ్లి మేనేజర్ ఫీజు, కొనుడు అమ్ముడు ఖర్చు, ఏజెంటు కమీషన్ పోతయి. గందుకే మొత్తం మీద ఏరెటోళ్ల చేతికి ఇండెక్స్ కంటె తక్కువ వస్తది.

ఈ ఖర్చు మన కంటికి కనబడది. ఫండు విలువ చూపెట్టేటప్పుడే కోసి చూపెడ్తరు. లక్ష రూపాయలు 20 ఏండ్లు పెట్టినవనుకో. మార్కెట్ ఏడాదికి 12 శాతం పెరిగిందని లెక్క కోసం అనుకుందాం. 0.2 శాతం ఖర్చున్న ఇండెక్స్ ఫండ్‌ల 11.8 మిగులుతది, లక్ష 9.31 లక్షలయితది. 1.8 శాతం ఖర్చున్న ఫండ్‌ల, మేనేజర్ మార్కెటంత తెచ్చినా, 10.2 మిగులుతది, 6.98 లక్షలే అయితది. తేడా 2.33 లక్షలు. పెట్టిన పైసల కంటె ఖర్చు తిన్నదే ఎక్కువ.

దాంట్ల కమీషన్ భాగం తప్పించుకునే తొవ్వ ఉన్నది. 2013 జనవరి సంది ప్రతి ఫండుకు డైరెక్ట్ ప్లాన్ ఉన్నది. రెగ్యులర్ ప్లాన్‌ల మాత్రం ఏజెంటుకు ఏటేట కమీషన్ పోతనే ఉంటది.

అయితే అన్ని ఫండ్లను ఒక్క గాటకే కట్టుడు కూడ అన్యాయమే. షార్ప్ లెక్క షేర్లు ఏరెటోళ్లందరికి కలిపి చెప్పింది, ఒక్కొక్క ఫండుకు కాదు. చిన్న కంపెనీల షేర్లల్ల తొందరపడి కొని అమ్మే మామూలు జనం నష్టపోతే, ఆ లాభం కొన్ని ఫండ్లకు పోవచ్చు. అందరు కండ్లేసి చూసే పెద్ద కంపెనీల్ల ఆ సందు తక్కువ. మన దేశంల లార్జ్ క్యాప్ ఫండ్లు పదేండ్ల లెక్కల సగం కంటె ఎక్కువ ఇండెక్స్ ఎన్కనే ఉన్నయని ఎస్ అండ్ పీ స్పీవా రిపోర్టులు చూపెడ్తున్నయి. ఆ రిపోర్టు మూతపడ్డ, వేరేదాంట్ల కలిపేసిన ఫండ్లను కూడ లెక్కల ఉంచుతది. బతికినోళ్లనే లెక్కవెడితే అందరు గెలిచినట్టే కనబడ్తరు.

పోల్చేటప్పుడు జోడు సరిగుండాలె. స్మాల్ క్యాప్ ఫండును నిఫ్టీ 50తోని కాదు, నిఫ్టీ స్మాల్‌క్యాప్ 250 టీఆర్ఐతోని పోల్చాలె. మొదలువెట్టిన తారీఖు కూడ మాయ చేస్తది. 2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గరికి పడ్డది, ఆడికెళ్లి లెక్కవెడితే దాదాపు ఏ ఫండయినా బంగారమే. అందుకే రోలింగ్ రిటర్న్ చూడాలె: ఒక్కొక్క నెల జరుపుకుంట, ప్రతిసారి అయిదేండ్ల లాభం లెక్కవెట్టి, ఎన్నిసార్లు ఇండెక్స్‌ను దాటిందో చూసుడు. రెండేండ్లు ఎన్కవడ్డదని ఫండును తిట్టుడు, రెండేండ్లు ముందున్నదని మొక్కుడు రెండూ తప్పే. గెలిపించిన మేనేజర్ ఇంకా ఆడనే ఉన్నడా అన్నది గూడ అడగాలె.

తమ్మునికి నేను కట్టు అనలే, వద్దు అనలే. ఏజెంటును మూడు ముచ్చట్లు అడుగుమన్న: టీఆర్ఐతోని పోలిస్తే ఎంత, ఏడాదికి ఖర్చు ఎంత, అయిదేండ్ల రోలింగ్ లెక్కల ఎన్నిసార్లు గెలిచింది. పోస్టర్ పంపినంత జల్ది జవాబు రాలేదట.