కుటుంసర్ గుహలో గోలీ సోడా సూత్రం

గోలీ సోడా కొట్టగానే బుస్సుమని పొంగుతుంది. సీసాలో గోలీ కింద ఇరుక్కున్న కార్బన్ డయాక్సైడ్ నీటిని గట్టిగా అదిమి ఉంచుతుంది. గోలీ లోపలికి జారగానే ఆ ఒత్తిడి పోతుంది, నీటిలో కరిగిన వాయువు బుడగలై బయటికి వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, జగదల్‌పూర్‌కు దగ్గరలోని కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో, కుటుంసర్ గుహ ఇదే సూత్రంతో రూపుదిద్దుకుంది. ఆ గుహలోకి రోజుకు ఎంతమందిని పంపాలో నిర్ణయించాల్సింది కూడా ఈ సూత్రమే.

నీటిపై ఉన్న వాయువుల మిశ్రమంలో ఒక్కో వాయువుకు దాని వాటాకు తగ్గ ఒత్తిడి ఉంటుంది. దాన్ని పాక్షిక పీడనం అంటారు. ఉష్ణోగ్రత మారకపోతే, నీటిలో కరిగే వాయువు ఆ పాక్షిక పీడనానికి అనులోమంగా ఉంటుంది. ఇది హెన్రీ నియమం. గుహలో ఉండే 28 డిగ్రీల దరిదాపు వేడిలో, ఒక అట్మాస్ఫియర్ కార్బన్ డయాక్సైడ్ కింద లీటరు నీటిలో సుమారు 1.4 గ్రాములు కరుగుతుంది. సోడా సీసాలో నాలుగు అట్మాస్ఫియర్లు ఉన్నాయనుకుంటే 5.6 గ్రాములు. మూత తీసి వదిలేస్తే, గాలిలో ఆ వాయువు 0.04 శాతమే కాబట్టి, చివరికి నీటిలో మిగిలేది అర మిల్లీగ్రాము పైచిలుకు మాత్రమే.

బస్తర్ అడవి నేలలో వేళ్లు, సూక్ష్మజీవులు శ్వాసిస్తూ ఉంటాయి. అందుకే మట్టి రంధ్రాల్లోని గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఉదాహరణకు రెండు శాతం అనుకుందాం. ఆ మట్టిగుండా దిగే వాననీరు లీటరుకు 28 మిల్లీగ్రాముల వాయువును కరిగించుకుని, పలుచని ఆమ్లమై, సున్నపురాయిని తింటుంది. రాయి కాల్షియం బైకార్బొనేట్‌గా మారి నీటిలో కలిసిపోతుంది. ఆ చుక్క గుహ కప్పు నుంచి దిగి, 0.2 శాతమే కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిని తాకితే, దానికి మూత తీసినట్టే. వాయువు బయటికి పోతుంది, సున్నం తిరిగి రాయిగా పేరుకుంటుంది. కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు అలా తయారైనవే.

నీరు పట్టి ఉంచగల సున్నం మాత్రం పాక్షిక పీడనంతో నేరుగా కాక, దాదాపు దాని ఘనమూలాన్ని అనుసరించి మారుతుంది. పీడనం పదోవంతుకు పడితే సున్నం సగానికి కాస్త తక్కువకు తగ్గుతుంది, మిగిలినది రాయిగా దిగుతుంది. గుహ గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.4 శాతానికి పెరిగినా పేరుకోవడం ఆగదు, మందగిస్తుంది. గుహ గాలి చుక్కతో సమానమైతే ఆగిపోతుంది. అంతకు మించితే నీరు రాయినే తిరిగి కరిగిస్తుంది.

మనిషి ఊపిరి ఇక్కడే లెక్కలోకి వస్తుంది. విశ్రాంతిగా ఉన్న మనిషి గంటకు 15 నుంచి 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు, నడిస్తే ఇంకా ఎక్కువ. 20 లీటర్ల లెక్కనే 50 మంది గంటసేపు ఉంటే ఒక ఘనమీటరు. గాలి కదలని వెయ్యి ఘనమీటర్ల గదిలో అది 0.1 శాతం పెరుగుదల. ఇరుకు ద్వారం ఉన్న కుటుంసర్ లాంటి గుహలో అది బయటికి పోవడానికి సమయం పడుతుంది. పైగా ఊపిరిలోని తేమ గోడలపై చెమ్మగా పడుతుంది. ఆ చెమ్మలో ముందే కరిగిన సున్నం ఏమీ ఉండదు కనుక, అది వాయువును పీల్చుకుని రాతిని సులువుగా తింటుంది. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1948లో సందర్శకులకు తెరిచారు. వాళ్ల ఊపిరి వల్ల, నాచు వల్ల నష్టం కనిపించి 1963లో మూసేశారు.

అలాగని కుటుంసర్‌కు తాళం వేయడం న్యాయం కాదు. సందర్శకులకు దారి చూపుతూ బతికే స్థానిక ఆదివాసీ యువకులు ఉన్నారు. వానాకాలంలో నీరు చేరి గుహ ఎలాగూ మూతపడుతుంది, మిగిలిన నెలలే వాళ్లకు ఆధారం. కావాల్సింది కొలత. పరారుణ కాంతితో పనిచేసే కార్బన్ డయాక్సైడ్ మీటరును గుహ లోపల, జనం నడిచే దారికి దూరంగా ఉంచాలి. తొలి బృందానికి ముందు, చివరి బృందం తర్వాత, మర్నాడు తెల్లవారుజామున రీడింగ్ తీయాలి. మర్నాటి అంకె మొదటి అంకెకు దిగి రాకపోతే ఊపిరి పేరుకుంటోందని అర్థం. కానీ ఋతువును బట్టి కూడా ఈ వాయువు పెరుగుతుంది, తగ్గుతుంది. కాబట్టి జనం లేని రోజుల రీడింగులతో పోల్చకుండా సందర్శకులను తప్పుపట్టకూడదు. మీటరు అద్దంపై చెమ్మ పట్టినా అంకె తప్పుతుంది, దాన్ని ఆరబెట్టుకుంటూ ఉండాలి.

కప్పు నుంచి రాలే చుక్కల పీహెచ్, క్షారత కొలిస్తే ఆ నీటి సొంత పాక్షిక పీడనం లెక్కకు వస్తుంది. గుహ గాలి దానికి చాలా దిగువన ఉన్నంత వరకూ బృందాలను పంపవచ్చు. దగ్గరపడితే ఆ రోజు టికెట్లు ఆపాలి. సందర్శకుల పరిమితిని గుమ్మం దగ్గర క్యూను చూసి కాక, ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని చూసి నిర్ణయించాలి.