ఖాయం అన్నవాటిలో ఎన్ని నిజమయ్యాయి?

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక పడిన రోజున, మా వీధిలో అందరం బాబాయి అని పిలుచుకునే పెద్దాయన అరుగు మీద కూర్చుని ఒక మాటన్నాడు. "జులైలో అరవై రాదయ్యా. పెద్ద వరదంటే ఆగస్టులోనే. రాసిపెట్టుకో." ఆ మాట వెనుక బోలెడు అనుభవం ఉంది. 1986లో 75.6 అడుగులు వచ్చింది ఆగస్టు 16న. 1990లో 70.8 వచ్చిందీ, 2006లో 66 దాటిందీ ఆగస్టులోనే. వీటన్నిటినీ ఆయన కళ్లారా చూశాడు. నేనూ ఆయన మాటకే తలూపాను. జులై 16న నీళ్లు 71.3 అడుగులకు చేరాయి. వంతెన మీద రాకపోకలు ఆపేశారు.

ఆ రోజు నుంచి నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. బాబాయి తప్పు చెప్పాడా? ఒక్క మాట తప్పినంత మాత్రాన ఆయన అంచనా పనికిరానిదైపోదు. ఆయన "పదికి తొమ్మిది పాళ్లు రాదు" అని ఉంటే, ఆ పదో పాలు ఎప్పుడో ఒకప్పుడు జరగాల్సిందే. అది ఆ ఏడాదే జరిగి ఉండొచ్చు. కానీ ఆయన పాళ్లు చెప్పలేదు, ఖాయం అన్నాడు. ఆయన ఖాయం అన్న మాటలు ఇంతకుముందు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని నిజమయ్యాయో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. నెగ్గినవి అరుగు మీద పదేపదే చెప్పుకుంటాం, ఓడినవి నీటితోపాటే పోతాయి. ఓ మనిషి ధీమాకు ఎంత విలువ ఇవ్వాలో ఒక్క మాటను పట్టుకుని తేల్చలేం. ఖాయం అన్నవన్నీ ఒకచోట పోగేసి లెక్కపెట్టాలి.

ఈ లెక్క వేసినవాళ్లు ఉన్నారు. 1977లో బరూక్ ఫిష్‌హాఫ్, పాల్ స్లోవిక్, సారా లిక్టెన్‌స్టెయిన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి ప్రశ్నలిచ్చి, ప్రతి జవాబు పక్కన ఎంత నమ్మకమో కూడా రాయించారు. ఇందులో అనుమానమే లేదు, నూటికి నూరు అని రాసిన జవాబుల్ని విడిగా తీసి చూస్తే నిజంగా సరైనవి నూటికి 70, 80 దగ్గరే ఆగాయి. అంటే ధీమాగా చెప్పిన ప్రతి నాలుగైదు మాటల్లో ఒకటి తప్పు. ఈ లెక్కలో బాగా నెగ్గుకొచ్చింది వాతావరణ సూచనలు ఇచ్చేవాళ్లు. వాళ్లు వాన అవకాశం 70 శాతం అన్న రోజులన్నీ కలిపితే, దాదాపు అన్ని పాళ్లలోనే వాన పడినట్టు తేలింది. వాళ్లకు ఇవాళ చెప్పిన దానికి రేపటికల్లా జవాబు వస్తుంది, రాసిపెట్టిన అంకె కళ్లముందే ఉంటుంది. ఏడాదికోసారి మిర్చి ధర ఊహించే ఖమ్మం రైతుకు ఆ వెసులుబాటు లేదు. జవాబు వచ్చేసరికి తను ముందు ఏమన్నాడో తనకే గుర్తుండదు. పైగా జరిగిందే తను ముందే అన్నానని మనసు సర్దేసుకుంటుంది.

కాబట్టి మొదట కావాల్సింది చిన్న నోటు పుస్తకం. అందులో రాసే మాట తర్వాత వాదనకు తావివ్వకూడదు. "వరద బాగా వస్తుంది" అని రాస్తే ఎటైనా తిప్పుకోవచ్చు. "రేపు ఉదయం 6 గంటలకు భద్రాచలం దగ్గర మట్టం 48 అడుగులు దాటి ఉంటుంది, పదికి ఎనిమిది పాళ్లు" అని రాస్తే తిప్పుకోవడానికేమీ ఉండదు. కేంద్ర జల సంఘం తన సూచనలకు ఇలాంటి నియమమే పెట్టుకుంది. చెప్పిన మట్టానికి అటూ ఇటూ 15 సెంటీమీటర్లలో, అంటే దాదాపు అర అడుగులో నీళ్లు వస్తేనే సరైన సూచనగా లెక్క. ఆ హద్దు ముందే గీసి ఉంది. అరవై అన్నాక 59.8 వస్తే సరైనదే, 58 వస్తే మాత్రం "అరవై దరిదాపులే" అని సర్దుకునే వీలు లేదు.

తర్వాత పాళ్లవారీగా కుప్పలు వేయాలి. ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. తొమ్మిది పాళ్లు అని రాసినవి 20 ఉన్నాయనుకుందాం. వాటిలో 18 దరిదాపుల్లో నిజం కావాలి. 14 మాత్రమే అయ్యాయంటే, మీరు తొమ్మిది అన్నచోట నిజానికి ఏడే ఉంది. ఇక మీదట మీ మనసు తొమ్మిది అంటే ఏడుగా చదువుకోవాలి. ఆరు పాళ్లు అని రాసినవి 20కి 17 నిజమైతే అదీ లోపమే. అక్కడ మీరు అవసరానికి మించి జంకుతున్నారు. ప్రశ్న కష్టమైనప్పుడు ధీమా మితిమీరడం, సులువైనప్పుడు తగ్గడం చాలామందిలో కనిపించేదే.

ఈ లెక్క మోసం చేసే చోట్లూ ఉన్నాయి. "రేపు 75 దాటదు" అని రోజూ రాస్తే కుప్ప నిండుతుంది, పుస్తకం నిండా సరైనవే కనిపిస్తాయి, నేర్చుకునేదేమీ ఉండదు. అంతకన్నా లోతైన చిక్కు మరొకటుంది. ఒకే వరదలో వారం రోజుల్లో పది అంచనాలు రాస్తే అవి పది కావు. ఎగువన ఇంద్రావతి పోటు తక్కువని మీరు పొరబడితే ఆ పదీ కలిసే తప్పుతాయి. కూనవరం దగ్గర శబరి నిండుగా ఉండి గోదావరి నీటిని దిగనివ్వని సంగతి మరిచిపోతే, "రేపటికి తగ్గుతుంది" అని రోజూ రాసి రోజూ ఓడతారు. అందుకే నేను ప్రతి వరదకూ వేరే పేజీ పెట్టి, మాటలతోపాటు వరదలూ ఎన్నో లెక్కపెడతాను. మూడు వరదల్లో 30 మాటలున్న పుస్తకాన్ని చూసి నా అంచనా బాగుందని ఎవరికీ చెప్పను.

ఒక్క అంకెకు బదులు రెండు అంకెలు రాయడం ఇంకా మేలు. కిందెంత, పైనెంత ఉండొచ్చు? ఆ రెంటి మధ్య పదికి తొమ్మిదిసార్లు నీళ్లు పడాలి. రాసి చూస్తే మనం ఆ సందు ఎంత ఇరుకుగా పెడతామో తెలుస్తుంది. పై అంకెను చూసిన వరదలోంచే తీస్తాం. ఖమ్మంలో మున్నేరు 2023 జులైలో 30 అడుగులు దాటినప్పుడు ఒడ్డునున్న కాలనీలవాళ్లకు అదే హద్దుగా మనసులో పడింది. ఏడాది తిరగ్గానే, 2024 సెప్టెంబరు 1న అది 36 అడుగులు దాటింది. నీళ్లు ఇంతకుముందు మా గడప దాకానే వచ్చాయన్నది నిజమే. ఆ నిజంలోంచి ఇక మీదటా గడప దాటవన్న మాట రాదు. పై అంకె రాసేటప్పుడు, చూసిన గీతకు పైన ఎంత చోటు వదిలానా అని ఇప్పుడు ఆగి చూసుకుంటాను.

ఈ లెక్క నాకెందుకంత ముఖ్యమంటే, మా ఊళ్లో ఖాయం అన్న మాట మీదే సామాను కదులుతుంది, లేదా కదలదు. ఒక పూట ముందు బియ్యం బస్తాలు, పశువులు, పిల్లల పుస్తకాలు మెరకకు చేరిస్తే పోయేది ఒక ట్రాక్టరు బాడుగ, ఒక రోజు కూలి. చేర్చకపోతే పోయేది ఏడాది తిండి. అలాంటప్పుడు "నీళ్లు రావు" అన్న నా మాటకు తొమ్మిది పాళ్ల బలం ఉన్నా సామాను కదిలించాల్సిందే. మిగిలిన ఒక్క పాలుకే అంత నష్టం ఉంది. అలాంటిది పుస్తకం తెరిస్తే నా తొమ్మిది నిజానికి ఏడేనని తేలితే, ఇంట్లో కూర్చోవడానికి నా దగ్గర ఏ కారణమూ మిగలదు.

ఈ మధ్య బాబాయికి కూడా ఒక పుస్తకం ఇచ్చాను. మొదటి పేజీలో రాయమంటే కాసేపు గోదావరి వైపు చూసి, "ఈ నెలాఖరుకు 43 దాటదు" అని రాశాడు. పక్కన ఎన్ని పాళ్లని అడిగాను. పది అని వేయబోయి ఆగి, ఎనిమిది వేశాడు.