విడి పాలకూ కొలత చూపించండి

ఆహార భద్రతా కమిషనర్ గారికి,

విడి గేదె పాలు లీటరు 70 రూపాయలు, ఫుల్‌క్రీమ్ ప్యాకెట్ 76 అనుకోండి. విడి పాలే చవకనిపిస్తాయి. ఆ ప్యాకెట్‌లో కనీసం 6 శాతం వెన్న, 9 శాతం ఎస్‌ఎన్‌ఎఫ్ ఉండి తీరాలి. అంతే చిక్కటి విడి పాల లీటరులో 200 మిల్లీలీటర్లు నీళ్లయితే వెన్న 4.8కి దిగుతుంది. అయినా టోన్డ్ ప్యాకెట్‌లోని 3 శాతం కంటే ఎక్కువే కాబట్టి కొనేవాళ్లకు అనుమానం రాదు. మోసం బయటపడేది 7.2కి పడిపోయిన ఎస్‌ఎన్‌ఎఫ్‌లోనే. నీళ్లు తీసేస్తే అసలు పాలు లీటరు 87.50 పడ్డట్టు.

ఊళ్లో పాలకేంద్రం రైతు పాలను యంత్రంలో పరీక్షించి వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్‌లను బట్టి డబ్బిస్తుంది. పట్నంలో కొనేవాళ్లకు పాలు పరీక్షించుకునే హక్కెందుకు లేదు? రైతుబజార్లలో ఆ యంత్రం పెట్టించండి, ఉచితంగా.

ఇట్లు,
ఒక గృహిణి