చూసి నేర్చుకుందాం, విని సాధన చేద్దాం

బదిలీ ఉత్తర్వులు వస్తే సామాను లారీలో వస్తుంది గానీ యోగా మాస్టారు రారు. కొత్త ఊళ్లో మళ్లీ నేర్పేవారు దొరికేదాకా మనకు దిక్కు ఫోనులోని యాప్. అందులో వీడియో మంచిదా, ఆడియో మంచిదా? ఆసనాన్ని వీడియో చూసి నేర్చుకోవాలి, రోజువారీ సాధన మాత్రం ఆడియో వింటూ చేయాలి అన్నది మా అభిప్రాయం.

అధోముఖ శ్వానాసనాన్నే తీసుకుందాం. అరచేతులు, పాదాలు నేలకు ఆనించి, నడుమును పైకెత్తి, ఒళ్లంతా గుడిసె కప్పులా నిలపాలి. చేతులకూ పాదాలకూ ఎంత ఎడం ఉండాలో మాటల్లో ఎంత చెప్పినా కొత్తవారికి అందదు. పక్కనుంచి తీసిన వీడియోలో అది ఒక్క చూపుతో తెలుస్తుంది.

అయితే ఆసనంలోకి వెళ్లాక తల రెండు చేతుల మధ్య వదులుగా వేలాడాలి, చూపు కాళ్లవైపు ఉండాలి. తెరను చూడబోయి తల ఎత్తితే మెడ మెలిపడుతుంది, బరువు ఒక చేతిమీదికి ఒరుగుతుంది. ఆసనం వేస్తూ వీడియో చూడటంలో ఉన్న చిక్కు ఇదే. త్రికోణాసనంలో ఇంకో తికమక. మనకు ఎదురుగా నిలబడ్డ గురువు కుడిచేయి తెరమీద మన ఎడమవైపు కనిపిస్తుంది. చూసింది చూసినట్టు చేయబోతే కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆడియోలో "కుడిచేయి" అంటే మన కుడిచేయే.

ఆడియోకూ ఒక లోటుంది. తొడల వెనుక కండరాలు బిగుసుకుని ఉంటే కాళ్లు చాపగానే వీపు గూనిలా వంగుతుంది. "వీపు నిటారుగా" అని ఆడియో చెబుతూనే ఉంటుంది, మనదీ నిటారుగానే ఉందనుకుంటాం. అందుకే వారానికోసారి ఫోనును పక్కన గోడకు ఆనించి మన వీడియో మనమే తీసుకోవాలి. గూని కనబడితే మోకాళ్లు కాస్త వంచాలి. అప్పుడు మడమలు నేలకు తాకకపోయినా ఫరవాలేదు, వీపు సాఫీగా ఉంటే చాలు.

2021 జూన్ 21న, అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన ఆయుష్ మంత్రిత్వ శాఖ కలిసి తెచ్చిన ఎం-యోగా యాప్‌లో వీడియోలూ ఉన్నాయి, ఆడియోలూ ఉన్నాయి. అది 12 నుంచి 65 ఏళ్ల వారికోసం తయారైంది. ఏ యాప్ వాడినా వరుస ఒకటే. మొదట కదలకుండా కూర్చుని వీడియో మొత్తం చూడాలి. తర్వాత ఒక్కో ఆసనం దగ్గర ఆపుకుంటూ చేయాలి. తెర చూడకుండా చేయగలిగిన రోజు ఆడియోకు మారాలి.

ఏ యాపూ మన ముఖం చూసి "చాలు, ఆగు" అనదు. కండరం మధ్యలో మెల్లగా లాగినట్టుంటే సరే. మోకాలిలోనో, మణికట్టులోనో సూది గుచ్చినట్టుంటే, లేదా తిమ్మిరెక్కితే, గొంతు ఇంకా లెక్కపెడుతున్నా సరే, మనం ఆసనం నుంచి బయటికి రావాలి.