ఎస్‌ఓపీలో 99 శాతం

అమెరికాలో ఎంఎస్‌కు దరఖాస్తు చేసే విద్యార్థి తాను ఏం చదివాడో, ఏం చేశాడో, ఇకముందు ఏం చదవదలిచాడో చెబుతూ రాసే వ్యాసాన్ని ఎస్‌ఓపీ అంటారు. హైదరాబాద్‌ కన్సల్టెన్సీలలో ఈమధ్య దీనికి ఒక కొత్త నియమం పెట్టారు. ప్రతి పేరాలోనూ ఒక శాతం కనబడాలట. “అంకె లేని వాక్యం కొట్టెయ్యండి” అని కౌన్సెలర్లు పిల్లలకు నూరిపోస్తున్నారు. ఫలితంగా ఏ చిత్తుప్రతి తిరగేసినా 40 శాతం పెంచాను, 60 శాతం తగ్గించాను, 99 శాతం సాధించాను అనే మాటలే. ఎంతలో 40, దేనికంటే 60 అని అడిగితే రాసినవాడి దగ్గర జవాబు ఉండదు.

ఈ సలహా పుట్టింది రెజ్యూమె కోసం. గూగుల్‌లో ఉద్యోగ నియామకాల వ్యవహారం చూసిన లాజ్లో బాక్‌ ఒక సూత్రం చెప్పాడు: ఏం సాధించావు, దాన్ని ఏ కొలతతో చూపగలవు, ఏం చేసి సాధించావు, ఈ మూడూ ఒకే వాక్యంలో రాయమన్నాడు. ఒక్క చూపులో చదివి పక్కన పెట్టే కాగితానికి అది సరిపోతుంది. పైగా అందులో మూడు భాగాలున్నాయి. మన కౌన్సెలర్లు నడిమి కొలతను మాత్రం పట్టుకుని, ఎలా చేశావన్న మూడోదాన్ని గాలికి వదిలేశారు. ఎస్‌ఓపీని చదివేది అదే విషయం బోధించే ప్రొఫెసర్లు. వాళ్లు వెతికేది సరిగ్గా ఆ మూడోదాన్నే.

ఈ నియమం ఎంత చేటు చేస్తుందో క్రెడిట్‌ కార్డు మోసాల ప్రాజెక్టు చూస్తే తెలుస్తుంది. బీటెక్‌ చివరి ఏడాదిలో ఎంతోమంది చేసే ప్రాజెక్టు ఇది. దీనికి ఎక్కువమంది వాడే డేటా కూడా ఒకటే. 2013 సెప్టెంబరులో యూరప్‌ కార్డుదారులు రెండు రోజుల్లో జరిపిన 2,84,807 లావాదేవీలు అందులో ఉన్నాయి. మోసాలు 492. అంటే వెయ్యికి ఇద్దరు దొంగలు కూడా లేరు. ఈ ప్రాజెక్టు గురించి ఎస్‌ఓపీలో కనిపించే వాక్యం దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: “99.8 శాతం కచ్చితత్వంతో మోసాలను గుర్తించే వ్యవస్థను రూపొందించాను.”

మెషీన్‌ లెర్నింగ్‌ పాఠం చెప్పే మనిషి ఈ వాక్యం చదివితే ఏమవుతుంది? ఏమీ నేర్వని ప్రోగ్రాము ఒకటి రాసి, వచ్చిన ప్రతి లావాదేవీకీ “మోసం కాదు” అని చెప్పించినా కచ్చితత్వం 99.83 శాతం వస్తుంది. అది ఒక్క దొంగనూ పట్టుకోదు. విద్యార్థి ఘనంగా రాసుకున్న అంకె ఆ పనికిరాని ప్రోగ్రాము తెచ్చే అంకెకంటే తక్కువ. ఆ సంగతి అతనికి తెలియదని ఆ వాక్యమే చాటుతుంది. అంకె లేకుండా ప్రాజెక్టు పేరు మాత్రం రాసి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు.

అసలు ఆ అంకె ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. అమీర్‌పేటలో ప్రాజెక్టులు అమ్మే దుకాణాలున్నాయి. డబ్బు కడితే కోడు, రిపోర్టు, వైవాకు చూపే స్లైడ్లు అన్నీ చేతికొస్తాయి. అందులో ఉన్న శాతమే కాలేజీ రికార్డుకెక్కుతుంది, అక్కణ్నుంచి ఎస్‌ఓపీకి చేరుతుంది. తాను కొలవని అంకెను తన విజయంగా రాయమని పిల్లవాణ్ని ప్రోత్సహించడం దుర్మార్గం. కాలేజీలు చూసీ చూడనట్టు ఊరుకోవడం అంతకంటే దుర్మార్గం. నాలుగేళ్ల చదువులో స్వయంగా ఒక్క కొలత తీయించలేని కాలేజీ, ఆ పిల్లవాడు పై చదువుకు వెళ్తున్నాడని ప్రకటనల్లో ఫొటో వేసుకుంటుంది.

పని నిజంగా చేసిన విద్యార్థి ఇదే ప్రాజెక్టును వేరేలా రాయగలడు. డేటాలో అయిదో వంతు పరీక్ష కోసం విడిగా ఉంచాడనుకుందాం. అందులో 56,962 లావాదేవీలు, వాటిలో 98 మోసాలు. అతని మోడల్‌ 80 మోసాలు పట్టుకుంది, 18 వదిలేసింది, సవ్యంగా ఉన్న 12 లావాదేవీలను మోసమని అనుమానించింది. అతను రాయవలసింది ఇది: “మొదట వచ్చిన 99.8 శాతం చూసి సంతోషించాను. కానీ అన్నింటికీ మోసం కాదని చెప్పినా అంతే వస్తుందని గమనించాక కొలత మార్చాను. పరీక్షకు ఉంచిన 98 మోసాల్లో 80 దొరికాయి. దానికి 12 తప్పుడు అనుమానాలు భరించాల్సి వచ్చింది. దొరకని 18 ఎందుకు దొరకలేదో ఇంకా తెలియలేదు.” ఇందులో గొప్ప చెప్పుకోవడం ఎక్కడుంది? చిన్న అంకె, దాని వెనక మొత్తం, దానికైన ఖర్చు, మిగిలిన లోటు, అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. ఆ 18 గురించిన ప్రశ్నే ఎంఎస్‌ ఎందుకు చదవాలనుకుంటున్నాడో కూడా చెబుతుంది.

అంకెలు రాస్తే ఆత్మస్తుతి అవుతుందని వెనక్కి లాగే పెద్దలూ ఉన్నారు. వాళ్ల మాట వినే పిల్లలు “అద్భుతమైన”, “అపారమైన”, “అంకితభావంతో” వంటి మాటలకు దిగుతారు. డప్పు వినిపించేది ఆ విశేషణాల్లోనే. వాటితో పోలిస్తే 98లో 80 అనేది ఎంతో అణకువగల మాట.

ఉద్యోగం చేసి దరఖాస్తు పెట్టేవాళ్లలో ఇంకో తప్పు ఉంది. “పేజీ తెరుచుకునే సమయం 40 శాతం తగ్గించాను” అని రాస్తారు. 5 సెకన్లు 3 అయినా 40 శాతమే, 50 మిల్లీసెకన్లు 30 అయినా 40 శాతమే. మొదటిది వాడేవాళ్లకు తెలిసే మార్పు, రెండోది కంటికి ఆనదు. శాతం ఈ తేడాను మింగేస్తుంది కాబట్టి మొదటి విలువ, చివరి విలువ రెండూ రాయాలి. మరి “తగ్గించాను” అన్నది ఎవరు? నలుగురు కలిసి చేసిన పనిలో తన వంతు నెమ్మదిగా నడిచే ఒక క్వెరీకి ఇండెక్స్‌ కట్టడమే అయితే, జట్టు ఫలితం ఇదీ, అందులో తన పని ఇదీ అని విడదీసి చెప్పాలి. జట్టు ఫలితం మొత్తాన్ని ఒక్కడే నెత్తిన పెట్టుకోవడమే చదివేవాడికి డాంబికంగా తోచేది. అంకె ఎంత పెద్దదన్నది తర్వాతి సంగతి.

జీపీఏ, జీఆర్‌ఈ స్కోరు దరఖాస్తులో వేరేచోట ఉండనే ఉంటాయి, మళ్లీ వ్యాసంలో చెప్పి స్థలం పాడు చేయనక్కర్లేదు. ఎంసెట్‌ ర్యాంకు అసలే వద్దు. ఎంతమంది రాశారో తెలియని పరదేశపు ప్రొఫెసర్‌కు అది దేన్నీ సూచించదు.

కొలవలేని పని ఉంటే ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. జూనియర్లకు ల్యాబ్‌లో సాయం చేసినవాడు వాళ్ల అవగాహన 70 శాతం పెరిగిందని కల్పించనక్కర్లేదు. ఏ వారం ఏ ప్రయోగం దగ్గర ఎక్కువమంది ఆగిపోయారో, దానికి తానేం మార్చాడో రాస్తే చాలు. ఏ అంకె ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోలేనప్పుడు, సిఫారసు లేఖ రాసే గైడ్‌ ముందు ఆ వాక్యం చదివి వినిపించాలి. ఆ అంకెను తన లేఖలోనూ రాయడానికి ఆయన ఒప్పుకోకపోతే దాన్ని ఎస్‌ఓపీలోంచి తీసేయాలి. రెండు కాగితాలూ చేరేది ఒకే ప్రవేశాల కమిటీకి.