రాత్రి రెండింటికి వచ్చే నొప్పి

వెల్డింగ్ షెడ్డులో యజమాని కంట పడని గాయం ఒకటుంది. వేలు తెగితే రక్తం కనిపిస్తుంది, కాలు కాలితే కేక వినిపిస్తుంది. వెల్డింగ్ వెలుగు కంటికి కొట్టినప్పుడు మాత్రం అక్కడ ఏమీ తెలియదు. కుర్రాడు మామూలుగానే చేతులు కడుక్కుని ఇంటికెళతాడు. నొప్పి ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, ఇంట్లో, చీకట్లో మొదలవుతుంది. అందుకే అది ఎవరి లెక్కలోకీ రాదు.

మా కలిదిండి వైపంతా చేపల చెరువులే. ఏరియేటర్ల ఫ్రేములు, తూము గేట్లు, ట్రాక్టరు ట్రక్కులు, రేకుల షెడ్లు, అన్నింటికీ వెల్డింగ్ కావాలి. మన పేటల పిల్లలు అక్కడ మొదట చేరేది హెల్పర్లుగానే. మేస్త్రి చేతిలో నల్లద్దం ఉంటుంది. హెల్పర్ రెండు చేతులా ఇనుప యాంగిల్ పట్టుకుని ఉంటాడు. "కళ్ళు మూసుకోరా" అంటాడు మేస్త్రి. కానీ ఆర్క్ ముందు వెలుగుతుంది, రెప్ప తర్వాత పడుతుంది. టాక్ టాక్‌కీ ఆ క్షణం వెలుగు కంట్లోకి పోతుంది. ఒక్కోసారి పడింది కొంచెమే, కానీ రోజంతా పడింది కూడుతుంది.

మా డిగ్రీ విద్యార్థి ఒకడు సెలవుల్లో ఇలాగే ఒక గేటు పనికి వెళ్లాడు. సాయంత్రం నాలుగు దాకా యాంగిల్ పట్టాడు. రాత్రి రెండింటికి రెండు కళ్ళల్లో ఇసుక పోసినట్టయి లేచాడు. నీళ్ళు ధారలు కట్టాయి, బల్బు వెలుగు కూడా చూడలేకపోయాడు. వాళ్ళమ్మ పక్కింటి బాలింతనడిగి చనుబాలు పిండించింది. తెల్లారాక ఎవరో తిమ్మిరెక్కించే చుక్కలు తెచ్చారు.

లోపల జరిగిందేమిటంటే, ఆర్క్‌లోని అతినీలలోహిత కిరణాలు కంటి ముందున్న నల్లగుడ్డు పైపొరను కాల్చాయి. ఎండకు వీపు కమిలినట్టే. ఆ పొరలోని కణాలు చచ్చి రాలడానికి కొన్ని గంటలు పడుతుంది. రాలాక కిందున్న నరాల కొనలు బయటపడతాయి, నొప్పి అప్పుడు పుడుతుంది. పొర ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ కట్టుకుంటుంది. అందాకా చీకటి గది, చల్లటి తడిగుడ్డ, పారాసిటమాల్, డాక్టరు రాసిచ్చిన చుక్కలు లేదా ఆయింట్‌మెంట్. కళ్ళు నలపకూడదు. పొర లేచిన కంటికి చనుబాలైనా, బంగాళదుంప ముక్కైనా చీము తెచ్చిపెట్టవచ్చు. తిమ్మిరి చుక్కలు ఇంకా ప్రమాదం. హాయిగా అనిపిస్తుందని పదేపదే వేస్తే పొర మానదు, పుండు పడి చూపే పోవచ్చు.

ఒక తేడా గుర్తుంచుకోండి. ఒక్క కంట్లోనే, పనిలో ఉండగానే పొడిస్తే అది వెలుగు కాదు, గ్రైండింగ్ రజను, వెంటనే తీయించాలి. రెండు రోజులు దాటినా తగ్గకపోయినా, చూపు మసకబారినా, చూపు మధ్యలో మచ్చ కనిపించినా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

మరి అడ్డు ఏది? వెల్డర్‌కు, వంద ఆంపియర్ల దగ్గర రాడ్ పనికి, 10 లేదా 11 నంబరు నల్లద్దం కావాలి. ఆ నంబరు అద్దం మీదే ఉంటుంది. చేత్తో పట్టే షీల్డు కన్నా తలకు పెట్టుకునే హెల్మెట్ మేలు, చెయ్యి ఖాళీగా ఉంటుంది కాబట్టి షీల్డు పక్కన పడేసే అవసరం రాదు. హెల్పర్‌కు పక్కలు మూసుకున్న పాలీకార్బొనేట్ కళ్ళద్దాలు కావాలి. తెల్లగా ఉన్నా అవి అతినీలలోహితాన్ని దాదాపు పూర్తిగా ఆపుతాయి. అయితే మిరుమిట్లను ఆపవు, కాబట్టి వాటితో ఆర్క్‌ను చూడకూడదు. సంతలో కొన్న కూలింగ్ గ్లాసు దేనికీ చాలదు, పక్కల నుంచి వెలుగు దూరుతుంది. చుట్టుపక్కలవాళ్ళకు మెరవని అడ్డుతెర ఒకటి చాలు.

1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ ఈ మాట ఎప్పుడో చెప్పింది. మితిమీరిన వెలుగున్న పనుల్లో తెరలో, కళ్ళద్దాలో ఇవ్వాలని ప్రభుత్వం నిబంధన పెట్టవచ్చంది. పనిచేసేవాడికే కాదు, ఆ పనికి దగ్గర్లో ఉన్నవాడికి కూడా. అంటే హెల్పర్‌ను చట్టం చూసింది. కానీ కరెంటుతో నడిచేచోట పదిమంది పనివాళ్ళుంటేనే అది ఫ్యాక్టరీ. 2020 కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. ముగ్గురు పనిచేసే మన రోడ్డు పక్క షెడ్డు అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటే.

తక్కువ మంది ఉన్నచోట ఆర్క్ తక్కువ కాల్చదు. లెక్క మనుషుల సంఖ్యను బట్టి కాదు, పనిని బట్టి ఉండాలి. అది మారేదాకా ఒత్తిడి పనిచ్చేవాడి మీద పెట్టాలి. చెరువు గేటైనా, కాలేజీ గేటైనా, మన సంఘం హాలు తలుపైనా, బేరం తేల్చుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: పట్టుకునేవాడి కళ్ళద్దాలేవి? ఆ రెండు అద్దాల ఖరీదు పని ధరలో కలవాలి. లేకపోతే అది ఆ పిల్లాడి రెండు రోజుల కూలీగా, రెండు రాత్రుల నిద్రగా చెల్లించబడుతూనే ఉంటుంది.