‘అమాయక గిరిజనులు’ అని రాస్తే సమస్య చెప్పినట్టు కాదు

చేవెళ్ల, మొయినాబాద్ తండాల పేరు మీద గ్రాంట్ కోసం తయారయ్యే ప్రపోజల్స్‌లో మొదటి పేజీ దాదాపు ఒకే తీరుగ ఉంటది. “తరతరాలుగా వెనకబడిన అమాయక గిరిజనులు అవగాహన లేక భూములు కోల్పోతున్నారు. 1/70 చట్టాన్ని, పీసాను తుంగలో తొక్కి రియల్ ఎస్టేట్ వాళ్లు ఆక్రమిస్తున్నారు. రెండు మండలాల్లోని తండాలన్నిటికీ ఏడాదిలో భూమి హక్కు సాధిస్తాం.” రాసింది మనోళ్లే కావచ్చు, మన పేరు మీద రాసే కన్సల్టెంట్లు కావచ్చు. ఈ పేరా మనకు రెండు రకాలుగా నష్టం చేస్తది.

మొదటిది చట్టం. 1/70 గానీ పీసా గానీ ఐదో షెడ్యూల్ ప్రాంతాలకే వర్తిస్తాయి. రంగారెడ్డి జిల్లాలో షెడ్యూల్ ప్రాంతం లేదు. ఉట్నూరులో, ఏటూరునాగారంలో పనికొచ్చే ఆయుధం చేవెళ్ల తహసీల్దార్ ముందు పెడితే ఫైలు అక్కడే మూసేస్తారు. ప్రపోజల్ చదివే మనిషికి భూమి చట్టాలు తెలిస్తే రెండో పేజీ తిప్పడు. ఆయనకు తెల్వకపోతే ఇంకా ప్రమాదం, డబ్బు వచ్చినంక మనం లేని చట్టం కింద కేసులు వేస్తూ కూర్చుంటం. ఇక్కడ నిజంగా ఉన్నది 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం. లావణి పట్టా భూమి అమ్మినా కొన్నా ఆ బదిలీ చెల్లదు. స్వాధీనం తీసుకొని మొదట పొందిన కుటుంబానికి తిరిగి ఇచ్చే అధికారం కలెక్టర్‌కు, ఆయన అధికారమిచ్చిన అధికారికి ఉంది. దౌర్జన్యంగా వెళ్లగొట్టిన కేసైతే 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది.

రెండోది ‘అవగాహన లేక’ అన్న మాట. దీనికి రుజువు ఏంది? సమస్య అవగాహనే అని రాస్తే పరిష్కారం కూడా అవగాహన సదస్సే అయితది: బ్యానర్, భోజనం, ఫొటో. భూమి మాత్రం ఎక్కడిదక్కడే. తండా ముసలోళ్లకు ఏ చెలక ఎవరు దున్నేవాళ్లో అవగాహన బాగనే ఉంది. లేనిది కాగితంలో వాళ్ల పేరు. 2020 అక్టోబర్‌లో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమ్ లేకుండ పోయింది. వివాదం ఉన్నదని పార్ట్-బిలో పెట్టిన భూములకు పాస్‌బుక్కే రాలేదు. ఇది చూపించగలిగే సంగతి. ఒకే సర్వే నంబర్‌కు పాత పహాణీ, ఇప్పటి రికార్డు పక్కపక్కన పెట్టి, పాతదాంట్ల ఉన్న పేరు కొత్తదాంట్ల ఉన్నదో లేదో చూస్తే చాలు.

జనాభా లెక్కలు అతికించడం కూడా రుజువు కాదు. 2011 జనగణన రెవెన్యూ గ్రామాన్ని లెక్కపెట్టింది, తండాను విడిగ చూపలేదు. గ్రామంలోని ఎస్టీ సంఖ్య తీసి ‘తండా జనాభా’ అని రాస్తే, ఆ ఊరు తెలిసినోడు ఒక్క ప్రశ్నతో పడగొడతడు. తండాలో ఇల్లిల్లు తిరిగి మనం రాసుకున్న పట్టిక, తేదీతో సహా, అంతకన్న గట్టిది.

‘ఇప్పుడే ఎందుకు’ అన్నదానికి మాత్రం ఇక్కడ మంచి జవాబుంది, అది ఎవ్వరూ రాయరు. జంట జలాశయాల కోసం 1996లో వచ్చిన జీవో 111 కింద 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలుండె. 2022లో జీవో 69 వాటిని సడలించింది. ఆ జాబితాలో మీ ఊరుంటే, ఆ తర్వాత లావణి భూముల మీద అగ్రిమెంట్లు పెరిగినయా, పెరగలేదా అని ముందు విచారించాలె. పెరగకపోతే ఆ వాక్యం రాయొద్దు.

ఇప్పుడు అదే పేరా ఇట్ల ఉండొచ్చు (అంకెలు ఉదాహరణకే): “మొయినాబాద్ మండలంలోని మూడు తండాల్లో లావణి పట్టా పొందిన 60 కుటుంబాల పాత పహాణీలు చూశాం. అందులో 22 కుటుంబాల పేర్లు ఇప్పటి రికార్డులో లేవు. వాటిలో 15 కుటుంబాల దగ్గర పట్టా కాగితం ఉంది. వాళ్ల తరఫున దరఖాస్తు వేసేవాళ్లు లేరు.” ‘ఆక్రమణ’ అన్న మాట లేదు, అయినా చదివినోనికి అడగాల్సింది అర్థమైతది. ఏడాది పనికి రెండు మండలాలు ఎక్కువ. ఈ 15 దరఖాస్తులు వేసి, విచారణ తేదీలకు మనిషిని పంపడం ఇద్దరు కార్యకర్తలతో అయ్యే పని. ‘భూమి ఇప్పిస్తాం’ అని రాయొద్దు, ఆర్డర్ అధికారి చేతిలో ఉంటది. దరఖాస్తు వేయడం మన చేతిలో ఉంటది, మాట ఇవ్వాల్సింది అంతవరకే.

ఒక సంగతి కన్సల్టెంట్లు అస్సలు చెప్పరు. లావణి భూమి అమ్ముకున్న కుటుంబం కూడా చట్టం దృష్టిలో షరతు తప్పినట్టే, సర్కారు ఆ భూమిని తనే వెనక్కి తీసుకునే వీలుంది. అందుకే పేర్లు, సర్వే నంబర్లు సమస్య పేరాలో పెట్టొద్దు. వాటి పట్టిక మన దగ్గరే ఉండాలె. ఫండర్ అడిగితే, ఆ కుటుంబం ఒప్పుకుంటేనే చూపాలె.